ఇంకో ఎనిమిది వారాలు కావాలి

1866 వేసవిలో ఫ్యోదర్ దోస్తోయెవ్‌స్కీ తన ప్రచురణకర్తను మూడు నెలలు గడువు పెంచమని అడిగాడు. ఆ ప్రచురణకర్త పేరు స్తెల్లోవ్‌స్కీ. అంతకు ముందు ఏడాది అప్పులవాళ్ల ఒత్తిడి భరించలేక, దోస్తోయెవ్‌స్కీ ఆయన దగ్గర 3000 రూబుళ్లు తీసుకుని ఒక ఒప్పందం మీద సంతకం పెట్టాడు. 1866 నవంబరు 1 లోగా ఒక కొత్త నవల ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ తర్వాత తొమ్మిదేళ్ల పాటు ఆయన ఏం రాసినా స్తెల్లోవ్‌స్కీ పైసా ఇవ్వకుండా అచ్చేసుకోవచ్చు. వేసవి వచ్చేసరికి కొత్త నవల మొదలే కాలేదు. ఇంకో పత్రికలో సీరియల్‌గా వస్తున్న ‘నేరము–శిక్ష’ సగంలో ఉంది. మూడు నెలలు ఆగమన్నాడు. ఆగనంటే జరిమానా కడతానన్నాడు. స్తెల్లోవ్‌స్కీ రెండింటికీ ఒప్పుకోలేదు. కారణం కూడా దాచలేదు. నువ్వు గడువులోగా రాయలేవు, రాయకపోతేనే నాకు లాభం అని నేరుగానే చెప్పేశాడు. ఈ సంగతిని దోస్తోయెవ్‌స్కీ ఆ రోజుల్లోనే ఒక స్నేహితురాలికి ఉత్తరంలో రాసుకున్నాడు.

చివరికి అక్టోబరులో అన్నా స్నీత్కినా అనే ఇరవై ఏళ్ల స్టెనోగ్రాఫరును కుదుర్చుకుని, 26 రోజుల్లో ‘జూదరి’ నవలను నోటితో చెప్పి రాయించాడు. తీరా ఇవ్వబోతే ప్రచురణకర్త ఊళ్లో లేడు. గడువు ముగిసేలోగా రాతప్రతిని పోలీసు ఠాణాలో అప్పగించి, అక్కడ రసీదు పుచ్చుకున్నాడు.

రచయిత ఆలస్యం చేస్తే లాభపడే ప్రచురణకర్త చాలా అరుదు. ఇవాళ హైదరాబాదులోనో విజయవాడలోనో పుస్తకాలు వేసే సంపాదకుల పరిస్థితి దీనికి పూర్తిగా తలకిందులు. రాతప్రతి పది రోజులు ఆలస్యమైతే ఎడిటింగు చేసేవారు, డీటీపీ ఆపరేటరు, ప్రూఫులు చూసేవారు, ముఖచిత్రం వేసే ఆర్టిస్టు, చివరికి ప్రెస్సు, ఇందరి పని పక్కకు జరగాలి. అందుకే గడువు పెంచమని వచ్చే ఉత్తరాన్ని సంపాదకులు చదివే తీరు వేరుగా ఉంటుంది. రచయిత ఎంత బాధపడుతున్నాడన్నది వాళ్లు వెతకరు. వాళ్ల కళ్లు తేదీ కోసం వెతుకుతాయి. ఆ తేదీ కనబడ్డాక, దాన్ని నమ్మవచ్చా లేదా అని చూస్తాయి.

తెలుగు రచయితలకు ఈ తేదీ దగ్గరే చిక్కు వస్తుంది. రాయడం చేతకాక కాదు, మొహమాటం వల్ల. రెండు నెలలు పడుతుందని లోపల తెలుసు. కానీ అంత అడగడానికి నోరు రాదు. పెద్దమనిషి నమ్మి పని అప్పజెప్పాడు, ముందే ఆలస్యం చేస్తున్నాం, మళ్లీ రెండు నెలలంటే ఏమనుకుంటాడో అని మూడు వారాలు అడుగుతారు. మూడు వారాలూ గడుస్తాయి. మరో రెండు వారాలు అడుగుతారు. మూడోసారి ఫోను ఎత్తడం మానేస్తారు. మొదటిసారే రెండు నెలలని చెప్పి ఉంటే సంపాదకుడు ఆ స్లాటులో వేరే పుస్తకం పెట్టుకునేవాడు. మర్యాద కోసం కుదించిన తేదీ ఆయనకు ఆ అవకాశమే లేకుండా చేసింది. ఈ రకం ఉత్తరంలో అసలు మర్యాద ‘దయచేసి’, ‘క్షమించగలరు’ అన్న మాటల్లో కన్నా, అడిగే తేదీ నిజాయితీలో ఎక్కువగా ఉంటుంది.

మరి నిజమైన తేదీ ఎలా తెలుస్తుంది? మనసును అడిగితే తెలియదు. దీనికి గట్టి రుజువే ఉంది. రోజర్ బ్యూలర్, డేల్ గ్రిఫిన్, మైకేల్ రాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1994లో ఒక పరిశోధన ప్రచురించారు. డిగ్రీ చివర సిద్ధాంత వ్యాసం రాస్తున్న 37 మంది విద్యార్థులను, ఎన్ని రోజుల్లో పూర్తి చేస్తారని అడిగారు. సగటున 34 రోజులన్నారు. అన్నీ ఎదురుతిరిగితే ఎన్ని రోజులు పడుతుందని కూడా అడిగారు. సగటున 49 రోజులన్నారు. నిజంగా పట్టింది సగటున 55 రోజుల పైనే. అంటే ఎన్ని ఆటంకాలు రావచ్చో బాగా ఆలోచించి, భయపడి చెప్పిన తేదీ కూడా సరిపోలేదు. చెప్పిన రోజుకు ముగించినవాళ్లు పది మందిలో ముగ్గురే.

ఈ ధోరణిని మొదట గుర్తించి పేరు పెట్టినవాళ్లు డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ. కానెమన్‌కు ఇది తన సొంత అనుభవంలోనూ ఎదురైంది. ఇజ్రాయెల్‌లో హైస్కూలు పిల్లల కోసం ఒక పాఠ్యపుస్తకం తయారు చేసే బృందానికి ఆయన నాయకుడు. ఎంతకాలం పడుతుందో ఒక్కొక్కరు విడివిడిగా కాగితం మీద రాయమన్నారు. అందరి అంచనాలూ రెండేళ్ల చుట్టూనే ఉన్నాయి. అప్పుడు కానెమన్ బృందంలోని పాఠ్యప్రణాళిక నిపుణుణ్ణి, ఇలాంటి వేరే బృందాలకు ఎంతకాలం పట్టింది అని అడిగాడు. ఆ నిపుణుడు కాసేపు ఆలోచించి, పూర్తి చేసినవాళ్లకు ఏడు నుంచి పదేళ్లు పట్టిందనీ, దాదాపు నలభై శాతం మంది అసలు పూర్తే చేయలేదనీ చెప్పాడు. కొద్ది నిమిషాల ముందు ఆయన కూడా రెండేళ్లనే రాశాడు. విషయం తెలిసినవాడికి కూడా తన పని దగ్గరకు వచ్చేసరికి ఆ తెలివిడి గుర్తుకు రాలేదు. ఆ పుస్తకం పూర్తి కావడానికి ఎనిమిదేళ్లు పట్టింది.

రచయిత ఈ రెండు కథల నుంచి తీసుకోవలసిన పద్ధతి ఒకటే. ముందుకు చూసి ఊహించకుండా, వెనక్కి చూసి లెక్క కట్టాలి. దీన్ని ఒక ఊహా ఉదాహరణతో పూర్తిగా చూద్దాం.

ఒక రిటైర్డ్ ఉపాధ్యాయురాలు అనంతపురం జిల్లా చెరువుల మీద పుస్తకం రాస్తున్నారనుకుందాం. పదకొండు అధ్యాయాలు, దాదాపు 240 పేజీలు. ఫిబ్రవరి 1న మొదలుపెట్టారు. రాతప్రతి సెప్టెంబరు 15కి ఇస్తానని ఒప్పందం. జనవరి మొదట్లో విజయవాడలో జరిగే పుస్తక మహోత్సవానికి పుస్తకం స్టాలులో ఉండాలని ప్రచురణ సంస్థ కోరిక. ఆగస్టు 20 నాటికి ఎనిమిది అధ్యాయాలు అయ్యాయి. మూడు మిగిలాయి. ఇరవై ఆరు రోజుల్లో మూడు అధ్యాయాలు కావని ఆవిడకు అర్థమైంది.

ఎంత సమయం కావాలి? మనసు చెప్పేది ఇది: “ఇప్పుడు చేయి తిరిగింది, సమాచారమంతా దగ్గరే ఉంది, ఒక్కో అధ్యాయానికి రెండు వారాలు చాలు.” అలా అయితే ఆరు వారాలు, అక్టోబరు 1. ఇప్పుడు వెనక్కి చూద్దాం. ఫిబ్రవరి 1 నుంచి ఆగస్టు 20కి సరిగ్గా 200 రోజులు. ఆ కాలంలో ఎనిమిది అధ్యాయాలు. అంటే అధ్యాయానికి 25 రోజులు. మిగిలిన మూడింటికి 75 రోజులు. అది నవంబరు 3కు తేలుతుంది. మొత్తం ఒకసారి చదువుకుని, ఆధార గ్రంథాల పట్టిక, ఫొటోల కింద రాతలు సరిచూసుకోవడానికి మరో వారం. నవంబరు 10. అసలు గడువు నుంచి సరిగ్గా ఎనిమిది వారాలు.

మనసు చెప్పిన దానికీ లెక్క చెప్పిన దానికీ మధ్య నలభై రోజుల తేడా ఉంది. ఈ తేడా చూసి చాలామంది లెక్కనే అనుమానిస్తారు. “ఆ 200 రోజుల్లో ఉగాది వచ్చింది, మేనకోడలి పెళ్లి వచ్చింది, మేలో పదిహేను రోజులు కరెంటు సరిగ్గా లేదు, అవన్నీ తీసేస్తే అధ్యాయానికి పదిహేను రోజులే” అంటారు. కానీ లెక్కకు బలం ఇచ్చేవి ఆ పెళ్లీ, ఆ కరెంటు కోతలే. రాబోయే 75 రోజుల్లో వినాయక చవితి ఉంది, దసరా ఉంది, దీపావళి కూడా రావచ్చు. ఇంట్లో ఎవరికో జ్వరం రాకుండా ఉండదు. ఏ ఆటంకం ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. ఏవో ఒకటి రెండు వస్తాయన్నది మాత్రం ఖాయం. గడిచిన కాలపు వేగంలో అవన్నీ ముందే కలిసి ఉన్నాయి. వాటిని ఏరిపారేస్తే మళ్లీ మొదటికే వస్తాం.

ఒక్క చోట మాత్రం లెక్కను సవరించడం న్యాయమే. మిగిలిన అధ్యాయాల స్వభావం గడిచినవాటి కంటే నిజంగా వేరైతే సవరించాలి. చివరి అధ్యాయం కోసం రెవెన్యూ రికార్డులు చూడాలి, ఆ నకళ్లు ఇంకా చేతికి రాలేదు అనుకుంటే 25 రోజులు చాలవు. అప్పుడు ఆ ఒక్క అధ్యాయాన్ని విడిగా చెప్పుకోవాలి. దానికి ఆటంకం రచయిత చేతిలో లేదు కాబట్టి, అది రాకపోతే పుస్తకం ఎలా ముగుస్తుందో కూడా ముందే చెప్పాలి.

ఇదే లెక్కను సంపాదకుడు అటువైపు నుంచి వేస్తాడు. ఆయనది జనవరి 1 నుంచి వెనక్కి వచ్చే లెక్క. పుస్తకాలు డిసెంబరు 24కల్లా బైండింగు అయి గోడౌనుకు చేరాలి. 240 పేజీలంటే పదహారు పేజీల ఫారాలు పదిహేను. అచ్చుకూ బైండింగుకూ రెండు వారాలు. మామూలు రోజుల్లో ఇంకా త్వరగా అవుతుందేమో గానీ, డిసెంబరులో ప్రెస్సులన్నీ కొత్త సంవత్సరపు క్యాలెండర్లు, డైరీల పనితో ఊపిరాడకుండా ఉంటాయి. కాబట్టి ఫైలు ప్రెస్సుకు డిసెంబరు 8, 9 తేదీల్లో వెళ్లాలి. దానికి ముందు రెండు సార్లు ప్రూఫులు, వాటి మధ్య దిద్దుబాట్లు, కనీసం నాలుగు వారాలు. దానికి ముందు ఎడిటింగు, ఐదారు వారాలు. ఇలా వెనక్కి వస్తూ వస్తే సెప్టెంబరు నెలాఖరు దగ్గర ఆగుతాం. సెప్టెంబరు 15 అన్న గడువు గాల్లోంచి పుట్టలేదు. పండగ సెలవుల కోసం రెండు వారాల వెసులుబాటు ఉంచి పెట్టుకున్న తేదీ అది.

అంటే నవంబరు 10న మొత్తం రాతప్రతి ఒకేసారి వచ్చి పడితే జనవరికి పుస్తకం రాదు. ఈ సంగతి రచయితకు తెలిస్తే ఉత్తరం రూపమే మారిపోతుంది. ఎనిమిది అధ్యాయాలు ఇప్పటికే సిద్ధంగా ఉన్నాయి కదా. వాటిని ఇప్పుడే పంపితే ఎడిటింగు, డీటీపీ, మొదటి ప్రూఫు సెప్టెంబరు, అక్టోబరుల్లోనే జరిగిపోతాయి. మిగిలిన మూడూ ఒక్కొక్కటిగా వస్తాయి. నవంబరు 10 తర్వాత సంపాదకుడి చేతిలో మిగిలేది దాదాపు ఒక్క అధ్యాయం పని. గడువు ఎనిమిది వారాలు జరిగినా, పుస్తకం జరగాల్సిన అవసరం లేకుండా పోతుంది. భాగాలుగా ఇవ్వడం అనే ఈ ప్రతిపాదన క్షమాపణలన్నిటి కంటే ఎక్కువ పని చేస్తుంది.

ఇక ఉత్తరం. ఆవిడ ఇలా రాయవచ్చు:

“సంపాదకులు గారికి నమస్కారం.

చెరువుల పుస్తకం రాతప్రతి సెప్టెంబరు 15కి ఇస్తానని ఒప్పుకున్నాను. ఆ తేదీకి పూర్తి చేయలేనని ఇప్పుడు స్పష్టమైంది. నవంబరు 10 వరకు గడువు పెంచవలసిందిగా కోరుతున్నాను.

పదకొండు అధ్యాయాల్లో ఎనిమిది పూర్తయ్యాయి. కాలువల మరమ్మతుల మీద రాసిన రెండు అధ్యాయాలకు, ఊళ్లు తిరిగి పెద్దవాళ్లతో మాట్లాడటానికి, నేను అనుకున్న దానికంటే ఎక్కువ కాలం పట్టింది. ఇప్పటివరకు ఒక్కో అధ్యాయానికి సగటున 25 రోజులు పట్టింది. మిగిలిన మూడింటికి కూడా అదే లెక్క వేసి, చివరి పరిశీలనకు ఒక వారం కలిపి ఈ తేదీ చెబుతున్నాను.

పూర్తయిన ఎనిమిది అధ్యాయాలను సెప్టెంబరు 1న పంపుతాను. తొమ్మిదోది సెప్టెంబరు 14న, పదోది అక్టోబరు 9న, పదకొండోది నవంబరు 3న ఇస్తాను. నవంబరు 10కి ఆధార గ్రంథాల పట్టిక, ఫొటోల వివరాలతో సహా అంతా మీ చేతిలో ఉంటుంది. ప్రూఫులు నాకు అందిన ఐదు రోజుల్లో చూసి తిప్పి పంపుతాను.

జనవరి పుస్తక మహోత్సవానికి ఈ తేదీ సరిపడకపోతే చెప్పండి. పదో అధ్యాయాన్ని తొమ్మిదో దానిలో కుదించి కలపడానికి వీలుంది. అలా చేస్తే అక్టోబరు మూడో వారానికి ఇవ్వగలను. ఏది మంచిదో మీరు నిర్ణయించండి.

మీ ప్రణాళికకు కలిగిన ఇబ్బందికి మన్నించండి. మీ జవాబు ఆగస్టు 30 లోపు వస్తే దాని ప్రకారం పని సర్దుకుంటాను.

నమస్కారాలతో...”

ఉత్తరం ఇంతే. ఒక పేజీ దాటలేదు. అసలు విషయం రెండో వాక్యానికే వచ్చేసింది. వర్షాల గురించీ ఆరోగ్యం గురించీ పేజీన్నర రాసి, చివర్లో ‘మరికొంత సమయం’ అని ముగించే ఉత్తరాలు సంపాదకులకు తరచుగా వస్తుంటాయి. అందులోంచి తేదీ లాగడానికి ఆయన మళ్లీ ఫోను చేయాలి. ‘వీలైనంత త్వరగా’, ‘పండగ వెళ్లాక’, ‘వచ్చే నెలలో’ అన్న మాటలు క్యాలెండరు మీద ఎక్కడా రాసుకోలేనివి. డీటీపీ ఆపరేటరుకు ‘పండగ వెళ్లాక’ అని చెప్పి టైము బుక్ చేయలేరు.

కారణం ఒక్కటే చెప్పింది, అదీ పనికి సంబంధించినది. ఇక్కడ ఒక మాట. అనారోగ్యం వల్లే ఆలస్యమైతే దాన్ని దాచనక్కర్లేదు. ‘గత నెలలో ఆపరేషను జరిగింది, రోజుకు రెండు గంటలే కూర్చోగలుగుతున్నాను’ అని చెబితే సంపాదకుడికి అది పనికొచ్చే సమాచారం. ఎందుకంటే రెండు గంటలన్నది లెక్కలోకి వస్తుంది. కారణాలు ఒకదాని మీద ఒకటి పేర్చినకొద్దీ మాత్రం నమ్మకం తగ్గుతుంది. నాలుగు కారణాలు చదివినవాడికి ఐదోది రాబోతోందని అనిపిస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన వాక్యం ‘సగటున 25 రోజులు పట్టింది’ అన్నది. తేదీ ఎక్కణ్ణుంచి వచ్చిందో అది చూపిస్తోంది. సంపాదకుడికి దాన్ని పరీక్షించే వీలు దొరికింది. ఆయన దగ్గర గత పది, ఇరవై ఏళ్ల పుస్తకాల అనుభవం ఉంటుంది. ఇలాంటి క్షేత్ర పరిశోధన పుస్తకాలు మామూలుగా ఎంత ఆలస్యమవుతాయో ఆయనకు రచయిత కంటే బాగా తెలుసు. కానెమన్ బృందంలో ఆ నిపుణుడికి ఉన్నదీ ఇలాంటి జ్ఞానమే. అడిగితేనే అది బయటికొచ్చింది. రచయిత మొహమాటపడకుండా, “మీ దగ్గర ఇటువంటి పుస్తకాలకు ఎంతకాలం పట్టింది?” అని అడగవచ్చు. జవాబు తన లెక్క కంటే చాలా ఎక్కువగా ఉంటే, తన లెక్కనే ఇంకోసారి చూసుకోవాలి.

మరో దారి చూపించడం కూడా గమనించండి. పదో అధ్యాయం కుదించడం రచయితకు ఇష్టం లేకపోవచ్చు. కానీ సంపాదకుడి ముందు ఒప్పుకోవడం, కాదనడం అనే రెండే దారులు ఉంచితే ఆయన చిక్కులో పడతాడు. పుస్తక మహోత్సవం ఆయనకు ఎంత ముఖ్యమో ఆయనకే తెలుసు. అన్ని స్టాళ్ల మధ్య కొత్త పుస్తకం లేకుండా నిలబడటం కంటే, ఒక అధ్యాయం తగ్గిన పుస్తకం మేలని ఆయన అనుకోవచ్చు. లేదా, తొందరేం లేదు, ఉగాదికి వేద్దామనీ అనవచ్చు.

ఈ ఉత్తరం ఎప్పుడు పంపాలన్నది కూడా పైన తేదీల్లోనే ఉంది. గడువుకు ఇరవై ఆరు రోజుల ముందు పంపారు. సెప్టెంబరు 14 రాత్రి పంపి ఉంటే అక్షరం మారకపోయినా విలువ మాత్రం సగానికి సగం పోయేది. అప్పటికి ఎడిటరు టైము కేటాయించి కూర్చుని ఉంటాడు. డీటీపీ ఆపరేటరు వేరే పని వదులుకుని ఉంటాడు. ఆలస్యం ఖాయమని తెలిసిన వారంలోనే రాయడం మంచిది. చాలామంది రచయితలు అప్పుడు రాయరు, ఏదో అద్భుతం జరిగి పూర్తవుతుందేమోనని చివరి రోజు దాకా చూస్తారు.

పుస్తకానికి చెప్పిన పద్ధతి పత్రికలకు పూర్తిగా వర్తించదు. వారపత్రిక కాలమ్‌కో, దీపావళి ప్రత్యేక సంచిక కథకో ఎనిమిది వారాల గడువు అంటూ ఉండదు. సంచిక ఆ తేదీకి అచ్చు కావాల్సిందే, ఆ పేజీ ఖాళీగా వదలరు. అక్కడ రచయిత అడగదగ్గది రెండు మూడు రోజులు. అది కూడా కుదరదనిపిస్తే, ఈసారికి రాయలేనని ముందుగా చెప్పి పేజీ ఖాళీ చేయడమే సాయం. పది రోజుల ముందు ఆ మాట తెలిస్తే సంపాదకుడు ఇంకొకరిని అడగగలడు.

ఒప్పందం సంగతి కూడా చూసుకోవాలి. భారత ఒప్పందాల చట్టం 1872లోని 63వ సెక్షన్ ప్రకారం, పని ఎవరికి జరగాలో వాళ్లు దాని గడువును పొడిగించవచ్చు. 55వ సెక్షన్ ఇంకొంచెం కఠినమైనది. గడువుకు జరగడమే ప్రాణమైన ఒప్పందంలో ఆ గడువు దాటితే, అవతలివాళ్లు ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు. వాళ్లు ఆలస్యంగా వచ్చిన పనిని అంగీకరించినా, అంగీకరించేటప్పుడే ఆ ఉద్దేశం తెలియజేసి ఉంటే తప్ప, తర్వాత నష్టపరిహారం అడగలేరు. సామాన్య రచయితకు దీని అర్థం ఏమిటంటే, ‘సరే’ అన్న మాట ఎవరు, ఎప్పుడు, ఏ తేదీకి అన్నారో స్పష్టంగా ఉండాలి. చాలా ప్రచురణ ఒప్పందాల్లో మార్పులు రాతపూర్వకంగానే జరగాలని ఒక నియమం విడిగా ఉంటుంది. అడ్వాన్సు తీసుకున్నవాళ్లు ఆ నియమాన్ని ఒకసారి చదువుకుని కూర్చోవడం మంచిది. సంపాదకుడు ఫోనులో ఒప్పుకుంటే, “ఈ రోజు మనం మాట్లాడుకున్న ప్రకారం నవంబరు 10కి ఇస్తున్నాను” అని అదే సాయంత్రం ఒక మెయిలు పెట్టాలి. అది అపనమ్మకం కాదు. ఆరు నెలల తర్వాత ఆ సంస్థలో సంపాదకుడే మారిపోవచ్చు.

ఇప్పుడు జవాబు వచ్చిందనుకుందాం. మన ఉదాహరణలో సంపాదకుడు ఆగస్టు 27న రాశాడు: “నవంబరు 10 మాకు బాగా దగ్గరవుతుంది. అక్టోబరు 31కి ఇవ్వగలరా? ఎనిమిది అధ్యాయాలు సెప్టెంబరు 1న తప్పక పంపండి.” ఇక్కడ మొహమాటం రెండోసారి పని చేస్తుంది. పది రోజులే కదా, ఎలాగో సర్దుకుందామని వెంటనే సరేననబుద్ధి అవుతుంది. కానీ ఆ పది రోజులు ఎక్కణ్ణుంచి వస్తాయి? అధ్యాయాల వేగం మారలేదు. ఏదో ఒకటి తగ్గాలి. ఆవిడ ఇలా జవాబు రాయగలరు: “అక్టోబరు 31కి ఇస్తాను. దాని కోసం పదో అధ్యాయంలో బ్రిటిషు కాలపు మరమ్మతుల భాగం వదిలేస్తున్నాను, అది దాదాపు పన్నెండు పేజీలు. ఆధార గ్రంథాల పట్టిక మాత్రం మొదటి ప్రూఫుతో పాటు వస్తుంది.” ఒప్పుకోవడంతో పాటు, దాని కోసం ఏం వదులుకుంటున్నారో కూడా చెప్పారు. రేపు పుస్తకం చూసి, ఆ భాగం ఏమైందని సంపాదకుడు అడగనక్కర్లేదు.

తర్వాత చూడవలసింది మొదటి మైలురాయి, సెప్టెంబరు 14. తొమ్మిదో అధ్యాయం ఆ రోజుకు వచ్చిందా లేదా అన్నదే చివరి తేదీ గురించి అన్నిటికన్నా ముందు తెలిసే సమాచారం. మూడు నాలుగు రోజులు అటూ ఇటూ అయితే పరవాలేదు. అదే సెప్టెంబరు 28కి వస్తే, అక్టోబరు 31 కూడా జారిపోయిందని ఇద్దరికీ తెలియాలి. రెండో ఉత్తరం అప్పుడే వెళ్లాలి, అక్టోబరు 30న కాదు. దానికి మొదటి ఉత్తరం కంటే ఇంకా చిన్నగా, ఇంకా సూటిగా ఉండే హక్కు ఉంది: ఎంత జారింది, కొత్త వేగం ప్రకారం ఏ తేదీ, జనవరికి ఇంకా వీలుందా, లేకపోతే ఉగాదికి వేసుకుందామా. ఉగాదికి మార్చితే సంపాదకుడు డిసెంబరు ప్రెస్సు స్లాటును మరో పుస్తకానికి ఇచ్చేస్తాడు. ముఖచిత్రం ఆర్టిస్టుకు డబ్బులు ఇప్పుడే ఇస్తాడు, ఎందుకంటే ఆయన పని గడువుకే పూర్తయింది. చెరువుల పుస్తకం ఎనిమిది అధ్యాయాల ప్రూఫులు అప్పటికే దిద్దిన ఫైళ్లుగా కంప్యూటరులో ఉంటాయి. మిగిలిన అధ్యాయాలు వచ్చినప్పుడు పని అక్కణ్ణుంచే మొదలవుతుంది.